వాక్యం విని, ఖాళీలో పలికి

ఆస్పత్రి వార్డులో పొద్దున డ్యూటీ ఎక్కిన జర్మన్ నర్సు, రోగి మంచం దగ్గర ఆగి అడిగే మామూలు ప్రశ్న ఒకటుంది: "హాబెన్ జీ హొయ్టె షోన్ ఈర్ మెడికామెంట్ గెనొమెన్?" ఇవాళ మీ మందు వేసుకున్నారా అని. పుస్తకంలో చూస్తే ఏడే మాటలు. మొదటి మెట్టు పరీక్షలు దాటినవాళ్లకు అందులో ఒక్కటీ కొత్తది కాదు. అదే వాక్యం మనిషి నోటి నుంచి వచ్చేసరికి మొదటి రెండు మాటలూ కలిసి "హామ్‌జె" అవుతాయి, "ఈర్" కాస్తా "ఇయ" దగ్గరే ఆగిపోతుంది, రెండున్నర సెకన్లలోపే అంతా అయిపోతుంది. కొత్తగా వినేవాళ్ల చేతికి చిక్కేది "మెడికామెంట్" ఒక్కటే.

జర్మనీలో నర్సుగా గుర్తింపు రావాలంటే చాలా రాష్ట్రాల్లో బీ2 స్థాయి జర్మన్ అడుగుతారు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు భాష నేర్పించి అక్కడికి పంపుతోంది. సొంతంగా ఫీజు కట్టి క్లాసులకు వెళ్లేవాళ్లు వేరే. వీళ్లందరికీ వ్యాకరణం పుస్తకంలో దొరుకుతుంది, మాటలు ఫ్లాష్ కార్డుల్లో దొరుకుతాయి. చెవికి పట్టించే పాఠం మాత్రం ఎవరికి వాళ్లే తయారు చేసుకోవాలి. ఎందుకంటే ఎవరి చెవి ఎక్కడ తడబడుతుందో వాళ్లకే తెలుస్తుంది.

అలాంటి పాఠం తయారు చేసుకునే పద్ధతి ఒకటి పాతదీ, చవకైనదీ ఉంది. దొరికిన ఆడియోను వాక్యాలుగా కోసి, ప్రతి వాక్యం తర్వాత దాన్ని పైకి పలకడానికి సరిపడా ఖాళీ పెట్టడం. చెప్పుకోవడానికి ఇంతే. కానీ ఎక్కడ కోయాలి, ఎంత ఖాళీ వదలాలి అన్న రెండు లెక్కలు తప్పితే అరగంట కష్టపడి చేసుకున్న ఫైలు రెండో రోజే విసుగు పుట్టిస్తుంది.

ఈ పని టేపుల కాలంలోనే మొదలైంది. 1958లో అమెరికా తెచ్చిన జాతీయ రక్షణ విద్యా చట్టం నిధులతో అక్కడి బడుల్లో లాంగ్వేజ్ ల్యాబులు పుట్టుకొచ్చాయి. హెడ్‌ఫోన్లు పెట్టుకున్న విద్యార్థి వాక్యం వినాలి, ఖాళీలో పలకాలి, సరైన వాక్యం మళ్లీ వినాలి, మళ్లీ పలకాలి. నాలుగు దశల డ్రిల్లు అనేవారు దీన్ని. అప్పట్లో టేపును బ్లేడుతో కోసి, మధ్యలో ఖాళీ టేపు ముక్క అతికించేవారు. టేపు సెకనుకు 19 సెంటీమీటర్ల వేగంతో నడిస్తే, నాలుగు సెకన్ల ఖాళీ కావాలంటే 76 సెంటీమీటర్ల ఉత్త టేపు కొలిచి కత్తిరించాలి. కోత కూడా నిటారుగా వేసేవారు కాదు, ఏటవాలుగా వేసేవారు. నిటారుగా కోస్తే అతుకు దగ్గర టిక్కుమని చప్పుడొస్తుంది. ఇవాళ కంప్యూటర్‌లో కోసేటప్పుడు కూడా ఇదే టిక్కు ఎదురవుతుంది. ఆ సంగతి తర్వాత.

విన్న వెంటనే పలకడానికీ, కాస్త ఆగి పలకడానికీ మధ్య చాలా తేడా ఉంది. మనం విన్న మాటల ధ్వని కొద్దిసేపు చెవిలోనే తిరుగుతూ ఉంటుంది. అలన్ బాడ్లీ, ఆయన సహచరులు 1975లో ప్రచురించిన ప్రయోగాల్లో, మనిషి వరుసగా గుర్తుపెట్టుకోగల మాటలు ఎన్నంటే, సుమారు 2 సెకన్లలో పలకగలిగినన్ని అని తేలింది. పొట్టి మాటలైతే ఎక్కువ, పొడుగు మాటలైతే తక్కువ. దీన్ని డ్రిల్లుకు అన్వయించి చూడండి. సెకనున్నర వాక్యాన్ని అర్థం తెలియకపోయినా చిలకలా అప్పజెప్పేయొచ్చు, ధ్వని ఇంకా చెవిలోనే ఉంటుంది. మూడు సెకన్ల వాక్యం ఆ గిన్నెలో పట్టదు. దాన్ని తిరిగి చెప్పాలంటే విన్నప్పుడే ముక్కలు ముక్కలుగా అర్థం కావాలి, ఆ అర్థం నుంచి వాక్యాన్ని మళ్లీ కట్టాలి. భాషా స్థాయిని కొలిచే పరీక్షల్లో కూడా వాక్యం వినిపించి తిరిగి చెప్పమనే పద్ధతి ఒకటుంది. అందులో వాక్యాలను కావాలనే పొడుగ్గా పెట్టేది ఇందుకే.

కాబట్టి పొట్టి వాక్యం నోటికి, పొడుగు వాక్యం బుర్రకు పని చెబుతాయి. రెండూ కావాలి. కానీ ఏది ఎందుకు చేస్తున్నామో తెలిసి కోయాలి.

ముందు ఆడియో సంగతి. జర్మన్ నేర్చుకునేవాళ్లకు డాయిష్ వెలె సంస్థ నెమ్మదిగా చదివిన వార్తల్ని పాఠంతో సహా ఉచితంగా ఇస్తుంది. లిబ్రివాక్స్‌లో కాపీరైట్ తీరిపోయిన పుస్తకాలను స్వచ్ఛంద పాఠకులు చదివిన రికార్డింగులున్నాయి, గ్రిమ్ సోదరుల కథలతో సహా. రెండూ మంచివే. కానీ వార్డులో మాటలకు అవి అంతగా పనికి రావు. వార్తల వాక్యాలు ఆరేడు సెకన్లు పోతాయి, పైగా అన్నీ ప్రకటనలే, ప్రశ్న అన్నది ఉండదు. నర్సుల కోసం రాసిన జర్మన్ పాఠ్యపుస్తకాలతో వచ్చే సంభాషణలు, ఒక రోగి, ఒక నర్సు మాట్లాడుకునేవి, ఈ పనికి సరిపోతాయి. వాటిలో వాక్యాలు ఒకటి నుంచి నాలుగు సెకన్లలో ఉంటాయి. రాత ప్రతి కూడా చేతిలో ఉంటుంది, అది లేకుండా కోతకు దిగితే పలికింది తప్పో ఒప్పో చూసుకునే దారి ఉండదు. సొంత చదువు కోసం కోసుకోవడానికి మన కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో వెసులుబాటు ఉంది. కోసిన ఫైలును వాట్సాప్ గ్రూపుల్లో పంచడం మాత్రం వేరే సంగతి.

వెనక సంగీతం ఉన్న ఆడియో వద్దు. ఎంత మంచి సంభాషణైనా సరే. ఎందుకో కోత మొదలుపెడితే వెంటనే తెలుస్తుంది.

కోయడానికి ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. అందులో ఫైలు తెరిస్తే ధ్వని ఒక అలల బొమ్మలా కనిపిస్తుంది. మాట ఉన్నచోట ఉబ్బు, ఆగినచోట సన్నటి గీత. `Analyze` మెనూలో `Label Sounds` అనే సాధనం ఈ సన్నటి గీతల్ని వెతికి, ఉబ్బు ఉన్న ప్రతి ముక్కకూ ఒక లేబుల్ తగిలిస్తుంది. దానికి మనం చెప్పాల్సినవి ముఖ్యంగా మూడు. ఎంత తక్కువ ధ్వనిని నిశ్శబ్దంగా లెక్కించాలి, ఆ నిశ్శబ్దం కనీసం ఎంతసేపు ఉండాలి, ముక్కకు ముందూ వెనకా ఎంత అంచు వదలాలి.

మొదటిదానికి మైనస్ 35 డెసిబెల్స్‌తో మొదలుపెట్టొచ్చు. స్టూడియోలో శుభ్రంగా రికార్డు చేసిన గొంతుకు అది సరిపోతుంది. వెనక సంగీతం ఉంటే ధ్వని ఆ గీత కిందికి ఎప్పుడూ దిగదు, సాధనం మొత్తం ఫైలును ఒకే వాక్యం అంటుంది. రెండోది 0.45 సెకన్లు. ఇంకా తగ్గిస్తే మాట మధ్యలోనే కోతలు పడతాయి. "క", "ట", "ప" లాంటి హల్లులు పలికేటప్పుడు నోరు ఒక్క క్షణం పూర్తిగా మూసుకుపోతుంది. ఆ మూత సెకనులో పదో వంతు దాకా నిజంగానే నిశ్శబ్దం. జర్మన్‌లో ఇంకో చిక్కుంది. మనం అచ్చుతో మొదలయ్యే మాటను ముందు మాటతో సంధి కలిపేస్తాం. జర్మన్లు అలాంటి మాటకు ముందు గొంతు బిగించి, చిన్నగా తెగ్గొట్టి మొదలుపెడతారు. ఈ తెగుళ్లన్నీ చిన్నవే కాబట్టి దాదాపు అర సెకను హద్దు పెడితే సాధనం వాటి జోలికి పోదు. మూడోదానికి ముందు 0.1, వెనక 0.2 సెకన్లు వదిలితే మంచిది. వెనక ఎక్కువ ఎందుకంటే మాట చివర ధ్వని మెల్లగా ఆరిపోతుంది. "ఇష్" అన్నట్టు వినిపించే గాలి హల్లులు, "క్లింగెల్" చివరి "ల్" లాంటివి డెసిబెల్ లెక్కలో నిశ్శబ్దం కిందే జమ అవుతాయి. అంచు లేకుండా కోస్తే వాక్యం తోక తెగుతుంది.

సాధనం పని ముగించాక లేబుళ్లను టెక్స్ట్ ఫైలుగా బయటికి తీసుకోవచ్చు. ఒక సంభాషణలో మొదటి ఐదు లేబుళ్లు ఇలా వచ్చాయనుకుందాం. మొదటి అంకె ముక్క మొదలైన సెకను, రెండోది ముగిసిన సెకను, చివరిది ముక్క పేరు.

```
0.42	2.91	001
3.45	4.35	002
4.98	14.42	003
15.05	15.61	004
16.02	19.35	005
```

ఆడియో ఒక్కసారి కూడా వినకుండా ఈ అంకెలు చూసే రోగం ఎక్కడుందో చెప్పొచ్చు. మొదటి ముక్క నిడివి 2.49 సెకన్లు. మనం మొదట చెప్పుకున్న మందు ప్రశ్న అది, సరిగ్గానే ఉంది. రెండోది 0.90. రోగి జవాబు, "నైన్, నోఖ్ నిష్ట్", అంటే లేదు, ఇంకా లేదు. ఇదీ బాగానే ఉంది. మూడోది 9.44 సెకన్లు! వార్డు సంభాషణలో అంత పొడుగు వాక్యం ఉండదు. రాత ప్రతి తీసి చూస్తే అక్కడ మూడు వాక్యాలున్నాయి. వాటి వెనక, వాస్తవంగా ఉండాలని కలిపిన మందుల బండి చక్రాల చప్పుడుంది. ఆ చప్పుడు మైనస్ 35 గీతకు పైనే ఉండటంతో సాధనానికి మధ్యలో ఆగిన చోట్లు కనబడలేదు. ఇలాంటి చోట సెట్టింగులు మార్చుకుంటూ కూర్చోవడం దండగ. ఒకచోట సరిచేస్తే మరోచోట చెడుతుంది. ఆ ముక్కను చెవితో విని, లేబుల్ తీసేసి, చేత్తో మూడు లేబుళ్లు పెట్టుకోవడమే త్వరగా అయ్యే పని. కావలసిన భాగం ఎంచుకుని కంట్రోల్, బీ కలిపి నొక్కితే లేబుల్ పడుతుంది.

నాలుగోది 0.56 సెకన్లు. అది వాక్యం కాదు. నర్సు "ఆల్జో" అని ఆగింది, మనం "సరే, మరి..." అని ఆగినట్టు. తర్వాత అసలు వాక్యం ఐదో ముక్కలో ఉంది: "వెన్ డీ ష్మెర్ట్‌సెన్ ష్టెర్కర్ వేర్డెన్, డ్రుకెన్ జీ బిట్టె ఔఫ్ డీ క్లింగెల్." నొప్పి ఎక్కువైతే దయచేసి బెల్లు నొక్కండి అని. నాలుగో లేబుల్ తీసేయడమే మంచిది. ఐదోదానికి కలిపితే వాక్యం నాలుగు సెకన్లు దాటిపోతుంది, ఆ "ఆల్జో" వల్ల వచ్చే లాభమేమీ లేదు.

మనుషులు చుక్క దగ్గర ఆగరు, ఊపిరి దగ్గర ఆగుతారు. సాధనానికి తెలిసింది ఊపిరి మాత్రమే. అందుకే లేబుళ్ల సంఖ్యనూ, రాత ప్రతిలో వాక్యాల సంఖ్యనూ పక్కపక్కన పెట్టి చూడాలి. రెండూ సమానంగా వచ్చినా నమ్మేయకూడదు, ఒకచోట అతుక్కున్నదీ మరోచోట చీలిందీ కలిసి లెక్క సరిపోయి ఉండొచ్చు. సంభాషణల్లో ముప్పావు సెకను కంటే పొట్టివీ, ఐదు సెకన్ల కంటే పొడుగువీ అయిన ముక్కలన్నీ విని చూస్తే దాదాపు అన్ని తప్పులూ అక్కడే దొరుకుతాయి.

తోక తెగిందా అన్నది మాత్రం అంకెల్లో కనబడదు. దానికి ప్రతి ముక్క చివరి అర సెకను వినాలి. మాట ముగిశాక గదిలో గాలి మిగిలినట్టు వినిపిస్తే సరే. తలుపు మూసినట్టు టప్పున ఆగిపోతే అంచు చాలలేదని అర్థం. ఇక టేపు కాలం నాటి టిక్కు చప్పుడు. ధ్వని అల ఎత్తులో ఉండగా కోస్తే, స్పీకర్ ఆ ఎత్తు నుంచి ఒక్కసారిగా సున్నాకు దూకుతుంది. అదే టిక్కు. ఎంచుకున్న భాగం అంచులు ఆడాసిటీలో జెడ్ మీట నొక్కితే అల సున్నా దాటే చోటికి జరుగుతాయి. టేపు మీద ఏటవాలు కోత చేసే పని ఇక్కడ ఒక్క మీట చేస్తుంది.

ఇప్పుడు ఖాళీ. ఎక్కువమంది మొదట చేసే పని, అన్ని వాక్యాల తర్వాతా ఐదేసి సెకన్లు పెట్టేయడం. "నోఖ్ నిష్ట్" అని సెకనులోపు చెప్పేసి మిగతా నాలుగు సెకన్లూ గోడ చూస్తూ కూర్చోవాలి. మూడో నిమిషానికి చెయ్యి ఫోను మీదికి పోతుంది. పైగా ఖాళీ మరీ ఎక్కువైతే మనసు ఊరుకోదు, విన్నదాన్ని తెలుగులోకి మార్చి, తెలుగు నుంచి మళ్లీ జర్మన్‌లోకి తెచ్చుకుంటుంది. ఈ డ్రిల్లు వదిలించాలనుకున్న అలవాటే అది.

ఖాళీ తక్కువైతే జరిగేది ఇంకా చెడ్డది. పలకడం పూర్తికాకముందే తర్వాతి వాక్యం వచ్చి మీద పడుతుంది. నేర్చుకునేవాళ్లు సగంలో ఆపి వినడానికి సర్దుకుంటారు. రోజూ ఇలా జరిగితే వాక్యాల చివర్లు ఎప్పుడూ నోటికి రావు. తెలుగులాగే జర్మన్‌లోనూ క్రియ తరచూ చివరికి పోతుంది. మందు ప్రశ్నలో "గెనొమెన్" లేకపోతే మందు వేసుకున్నారో, కొన్నారో, పారేశారో తెలియదు. చివర తినేసే అలవాటు జర్మన్ నేర్చుకునేవాళ్లకు అన్నిటికన్నా ఖరీదైన అలవాటు.

అందుకే ఖాళీని వాక్యం నిడివిని బట్టి కొలవాలి. వాడి చూసుకోదగ్గ సూత్రం ఒకటి:

```
ఖాళీ = వాక్యం నిడివి × 1.3 + 0.7
```

1.3 ఎందుకంటే నేర్చుకునేవాళ్ల నోరు ఆ భాష పుట్టినవాళ్ల కంటే నెమ్మదిగా కదులుతుంది. 0.7 సెకను వాక్యం అయిపోయిందని గుర్తించి నోరు తెరవడానికి పట్టే వ్యవధి. ఇది పొట్టి వాక్యానికీ, పొడుగుదానికీ ఒకటే కాబట్టి విడిగా కలపాలి. ఈ లెక్కన మందు ప్రశ్నకు 3.9 సెకన్లు, "నైన్, నోఖ్ నిష్ట్" కు 1.9, బెల్లు వాక్యానికి 5 సెకన్ల ఖాళీ వస్తుంది. కొత్తవాళ్లు 1.3 బదులు 1.6 పెట్టుకోవచ్చు. రెండు వారాలకోసారి తగ్గిస్తూ రావచ్చు. సరిపోయిందా లేదా అన్నదానికి గుర్తు ఒకటే. వాక్యం పూర్తిగా పలికాక ఒక చిన్న ఊపిరి తీసుకునేంత ఖాళీ మిగలాలి. మరో ఆలోచన పుట్టేంత మిగలకూడదు.

పది వాక్యాలైతే ఆడాసిటీలోనే చేత్తో ఖాళీలు పెట్టొచ్చు. వాక్యం చివర కర్సర్ ఉంచి, `Generate` మెనూలో `Silence` ఎంచుకుని సెకన్లు కొడితే చాలు. ఇక్కడ ఒక మెళకువ ఉంది. చివరి వాక్యంతో మొదలుపెట్టి వెనక్కి రావాలి. మొదటి వాక్యం దగ్గర నాలుగు సెకన్లు చొప్పిస్తే ఆ తర్వాతి ధ్వని అంతా నాలుగు సెకన్లు ముందుకు జరుగుతుంది, లేబుళ్లు మాత్రం పాత చోటే ఉండిపోతాయి. `Sync-Lock Tracks` ఆన్ చేస్తే లేబుళ్లు కూడా కలిసి జరుగుతాయి. అది మర్చిపోయినా, వెనక నుంచి వస్తే ఇబ్బంది ఉండదు.

వాక్యాలు యాభై, అరవై ఉంటే చేత్తో చేయడం అనవసరం. లేబుళ్లను బట్టి ముక్కల్ని విడి ఫైళ్లుగా ఎక్స్‌పోర్ట్ చేసి, లైనక్స్ లేదా మ్యాక్ టెర్మినల్‌లో ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత ప్రోగ్రాంతో ఈ నాలుగు పంక్తులు నడిపితే, ప్రతి ఫైలు నిడివి కొలిచి, దానికి తగ్గ ఖాళీ చివర అతికించి కొత్త ఫైలు రాస్తుంది.

```
for f in 0*.wav; do
  d=$(ffprobe -v error -show_entries format=duration -of csv=p=0 "$f")
  ffmpeg -i "$f" -af "apad=pad_dur=$(echo "$d*1.3+0.7" | bc)" "gap_$f"
done
```

కోత పని అంతా డబ్ల్యూఏవీ ఫైళ్లతోనే చేసి, అంతా కలిపాక చివర్లో ఒక్కసారి ఎంపీ3గా మార్చుకోవాలి. ఎంపీ3గా మార్చిన ప్రతిసారీ ఫైలు మొదట్లో కాస్త నిశ్శబ్దం చేరుతుంది, నాణ్యత కూడా కొంచెం తగ్గుతుంది. ముక్కముక్కనూ ఎంపీ3గా చేసి అతికిస్తే ఈ రెండూ పోగవుతాయి. ఒక్కటే గొంతు కాబట్టి మోనోలో 64 కేబీపీఎస్ చాలు.

ఇక వరుస. ల్యాబుల నాటి నాలుగు దశలకు మించింది ఇంకా ఎవరూ కనిపెట్టలేదనే చెప్పాలి. వాక్యం, ఖాళీ, అదే వాక్యం, మళ్లీ ఖాళీ. మొదటి ఖాళీలో మనకు వినిపించిందేదో పలుకుతాం. రెండోసారి వినేటప్పుడు చెవి ఊరికే వినదు, తాను తప్పిన చోటునే వెతుకుతుంది. "హాబెన్ జీ" అని విడివిడిగా పలికినవాళ్లకు "హామ్‌జె" అప్పుడు వినబడుతుంది. రెండో ఖాళీ ఆ సవరణ కోసమే. ఒకే ఖాళీ పెడితే దిద్దుకునే అవకాశం పోతుంది, నాలుగైదు పెడితే అర్థం ఆరిపోయి ధ్వని మాత్రమే మిగులుతుంది. నిమిషం సంభాషణలో 48 సెకన్ల మాట, 18 వాక్యాలు ఉన్నాయనుకుంటే, ఈ వరుసలో అది నాలుగు నిమిషాల పైచిలుకు డ్రిల్లు అవుతుంది. సుమారు రెండు మెగాబైట్లు. రోజుకు అంత చాలు.

పొడుగు వాక్యం నోటికి రాకపోతే వేగం తగ్గించాలనిపిస్తుంది. ఆడాసిటీలో గొంతు మారకుండా వేగం తగ్గించే సాధనం ఉంది కూడా. కానీ దానివల్ల ఒరిగేది తక్కువ. నెమ్మదించిన "హామ్‌జె" నెమ్మదిగా "హామ్‌జె" అనే వినబడుతుంది, "హాబెన్ జీ" గా విడిపోదు. వేగం మరీ తగ్గిస్తే గొంతు గరగరలాడుతుంది. అంతకంటే వాక్యాన్ని చివర నుంచి కట్టుకుంటూ రావడం మేలు. ముందు "ఔఫ్ డీ క్లింగెల్", తర్వాత "డ్రుకెన్ జీ బిట్టె ఔఫ్ డీ క్లింగెల్", ఆపైన మొత్తం. ప్రతిసారీ చివరి భాగం పలికి ఉన్నదే కాబట్టి నోరు తెలియని చోట నుంచి తెలిసిన చోటికి పోతుంది. పైగా చివరి ముక్కకు వాక్యం ముగింపు స్వరం ఎలాగూ ఉంటుంది. అయితే ఎక్కడ పడితే అక్కడ కోయకూడదు. కామా దగ్గరో, అచ్చుకు ముందు గొంతు బిగించే చోటో కోస్తే శుభ్రంగా తెగుతుంది. "బిట్టె" తర్వాత "ఔఫ్" కు ముందు అలాంటి చోటే. రెండు మాటలు కలిసిపోయిన చోట కోస్తే ముక్క మొదట్లో ముందు మాట తోక అంటుకుని ఉంటుంది, దాన్ని పలకడం ఎవరివల్లా కాదు.

ఈ డ్రిల్లు చేయలేని పని కూడా ఒకటుంది. అది మన తప్పు మనకు చెప్పదు. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి మన నోరు "నిష్ట్" చివర తెలియకుండానే ఒక "ఉ" చేరుస్తుంది. "డ్రుకెన్" లోని మొదటి అచ్చు తెలుగులో లేదు, పెదాలు "ఉ" లా చుట్టి లోపల "ఇ" పలకాలి. పలికేవాళ్లకు అది సరిగ్గానే వచ్చినట్టుంటుంది. మాట్లాడుతూ వినేటప్పుడు చెవి ఉదారంగా ఉంటుంది మరి. దీనికి విరుగుడు, డ్రిల్లు హెడ్‌ఫోన్లలో నడుస్తుండగా ఆడాసిటీ రెండో ట్రాక్‌లో తమ గొంతు రికార్డు చేసుకోవడం. ఖాళీలు సరిగ్గా ఉంటే ఆ మాటలు సరిగ్గా ఖాళీల్లోనే పడతాయి. తర్వాత రెండు ట్రాకులూ కలిపి వింటే జర్మన్ నర్సు, తెలుగు నర్సు ఒకరి తర్వాత ఒకరు అదే వాక్యం చెబుతున్నట్టు వినిపిస్తుంది. "నిష్టు" అప్పుడు దాక్కోలేదు. హెడ్‌ఫోన్లు లేకుండా స్పీకర్‌తో చేస్తే పాఠం గొంతు కూడా మైకులో పడి అంతా కలగాపులగం అవుతుంది.

వారం గడిచేసరికి ఇంకో సమస్య వస్తుంది. ఒకే వరుసలో రోజూ వింటే ముందు వాక్యమే తర్వాతి వాక్యాన్ని అందిస్తుంది. వినకపోయినా పలికేయొచ్చు. అందుకే విడి ఫైళ్లను దాచుకోవాలి. వాటిని ఫోన్‌లో ప్లేలిస్టుగా పెట్టి షఫుల్ చేస్తే వరుస సాయం పోతుంది. అలా చేసినా తడుముకోకుండా వచ్చే వాక్యాల్ని తీసేసి, వాటి స్థానంలో కొత్త సంభాషణ నుంచి మరికొన్ని చేర్చుకోవాలి.

తీసేసిన వాటితో రెండో అంచె మొదలుపెట్టొచ్చు. "ఇవాళ మీ మందు వేసుకున్నారా అండీ?" అని సొంత గొంతుతో తెలుగులో రికార్డు చేసి, ముందు అది, తర్వాత ఖాళీ, తర్వాత జర్మన్ వాక్యం, మళ్లీ ఖాళీ. అమెరికన్ భాషావేత్త పాల్ పిమ్స్లర్ పేరుతో ఇప్పటికీ నడుస్తున్న పాఠాల్లో ఇలా ముందు అడిగి, జవాబు తట్టేదాకా ఆగి, తర్వాత సరైన మాట వినిపించే పద్ధతి ఉంటుంది. ఇక్కడ మొదటి ఖాళీకి పాత సూత్రం చాలదు. విన్నదాన్ని తిరిగి చెప్పడం వేరు, వినని వాక్యాన్ని వెతికి తెచ్చుకోవడం వేరు. జర్మన్ వాక్యం నిడివికి రెండింతలు, పైన మరో సెకనున్నర పెడితే కుదురుతుంది. మందు ప్రశ్నకు అది ఆరున్నర సెకన్లు. రెండో ఖాళీకి మాత్రం పాత 3.9 చాలు.